ఎస్‌ఓపీలో ‘డోంట్’ రాయొచ్చా? ‘బట్’తో వాక్యం మొదలుపెట్టొచ్చా?

విదేశీ యూనివర్సిటీలకు అప్లై చేస్తూ ఎస్‌ఓపీ, అంటే అక్కడ ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, రాసే రోజులు వచ్చాయంటే పిల్లలు నన్ను ఈ రెండు ప్రశ్నలే అడుగుతారు. “సార్, డోంట్ అని రాస్తే తప్పా?” “సార్, బట్, సో లాంటివి తీసేసి హవెవర్, దేర్‌ఫోర్ పెట్టాను, ఇప్పుడు సరిపోతుందా?” ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు నేను ఎస్‌ఓపీలు దిద్దేటప్పుడు ఏ వరసలో చూస్తానో అదే వరసలో ఇక్కడ రాస్తున్నాను. ఆఫీసుకు రాసే ఫార్మల్ లెటర్‌కైనా, ప్రాజెక్ట్ రిపోర్టుకైనా పద్ధతి ఇదే.

రెండు ప్రశ్నలకూ జవాబు ముందే చెప్పేస్తాను. డోంట్, ఇట్స్, ఐ యామ్‌కు బదులు ఐమ్ లాంటి కుదింపులను ఎస్‌ఓపీలో పూర్తిగా విడదీసి రాయండి. బట్‌తో వాక్యం మొదలుపెట్టడం మాత్రం తప్పు కాదు. దాన్ని తీసేయాలన్న తొందరలో హవెవర్‌ను తెచ్చి కామా పక్కన పెడితేనే అసలు తప్పు జరుగుతుంది. నేను దిద్దే కాగితాల్లో ‘బట్’ వల్ల వచ్చే తప్పుల కంటే ‘హవెవర్’ వల్ల వచ్చేవే ఎక్కువ.

కావాల్సినవి

- పూర్తిగా రాసేసిన డ్రాఫ్ట్. సగంలో ఉన్నదాన్ని దిద్దడం మొదలుపెడితే రాత ఆగిపోతుంది.
- కంప్యూటర్‌లో వర్డ్ గానీ గూగుల్ డాక్స్ గానీ. ఫోన్‌లోనూ చేయొచ్చు, కాకపోతే వెతకడం కష్టం.
- మీరు పంపే చోటు ఇచ్చిన సూచనల పేజీ. అందులో ఏ స్టైల్ పాటించాలో రాసి ఉంటే నా మాట పక్కన పెట్టి దాన్నే పాటించండి.
- ఒక గంట సమయం, ఒక ప్రింట్ కాపీ.

1. ముందు చదివేది ఎవరో తేల్చుకోండి

ఫార్మల్ అన్న మాటకు అన్ని చోట్లా ఒకే కొలత లేదు. పరిశోధన వ్యాసాలకు ఎక్కువగా వాడే ఏపీఏ స్టైల్ మాన్యువల్, 2019లో వచ్చిన ఏడో ఎడిషన్‌లో కూడా, కుదింపులు వద్దనే చెబుతుంది. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ జీఓవీ డాట్ యూకే స్టైల్ గైడ్ మాత్రం ‘యూ విల్’ను కుదించిన `you'll` లాంటివి వాడమంటూనే కాంట్, డోంట్ లాంటి ‘కాదు’ అర్థం వచ్చే కుదింపులు వద్దంటుంది. చాలామందికి అవి చదవడం కష్టమని, కొందరు ఉల్టాగా అర్థం చేసుకుంటారని అది చెప్పే కారణం. వేగంగా చదివేవాళ్ల కంటికి ఆ చివరి చిన్న ముక్క ఆనకపోతే ‘చేయకూడదు’ అన్నది ‘చేయొచ్చు’ అయిపోతుంది. ఇది నాకు బాగా నచ్చిన కారణం, ఎందుకంటే ఇందులో మర్యాద గొడవ లేదు, అర్థం గొడవే ఉంది.

మీ వరకు ఇలా పెట్టుకోండి. ఎస్‌ఓపీ, థీసిస్, ఉద్యోగానికి కవర్ లెటర్, బ్యాంకుకో కాన్సులేట్‌కో రాసే ఉత్తరం, ఐఇఎల్‌టిఎస్ అకడమిక్ ఎస్సే: వీటిలో కుదింపులు వద్దు. రోజూ మాట్లాడుకునే టీమ్ లీడ్‌కు మెయిల్ అయితే నిశ్చింతగా వాడొచ్చు. ఐఇఎల్‌టిఎస్ జనరల్ ట్రైనింగ్‌లో స్నేహితుడికి ఉత్తరం రాయమంటే అక్కడ కుదింపులు ఉండాలి కూడా. ఫ్రెండ్‌కు ‘ఐ డూ నాట్’ అని రాస్తే కలెక్టరేట్‌కు అర్జీ పెట్టినట్టు ఉంటుంది.

2. కుదింపులన్నీ వెతికి పట్టుకోండి

కంటితో వెతికితే సగం తప్పిపోతాయి. మన రాత మనకు అలవాటైపోయి ఉంటుంది కాబట్టి కన్ను జారిపోతుంది. `Ctrl+F` నొక్కి ఈ ముక్కలను ఒక్కొక్కటిగా టైప్ చేయండి:

```
n't
'm
're
've
'll
'd
's
```

వెతికితే ఏమీ దొరకలేదని సంతోషపడకండి. కొన్నిసార్లు ఫైల్‌లో వంకర అపాస్ట్రఫీ ఉంటుంది, మీరు టైప్ చేసింది నిటారుగా ఉంటుంది. ఫైల్‌లో ఎక్కడో ఉన్న అపాస్ట్రఫీని కాపీ చేసి వెతికే పెట్టెలో పేస్ట్ చేసి మళ్లీ చూడండి.

చివరిదైన `'s` దగ్గర ఆగండి. అందులో దొరికేవన్నీ కుదింపులు కావు. ‘యూనివర్సిటీస్ ల్యాబ్’ అన్నప్పుడు అది ‘యూనివర్సిటీ యొక్క’ అనే అర్థం, దాన్ని ముట్టుకోకండి. ‘ఓ క్లాక్’లో ఉన్న అపాస్ట్రఫీ కూడా అలాగే ఉండాలి. ఎవరైనా అన్న మాటను కోట్స్‌లో యథాతథంగా ఇస్తే అందులోని డోంట్‌ను మార్చే హక్కు మీకు లేదు.

3. విడదీసేటప్పుడు ఏది దాగుందో చూడండి

ఇక్కడే ఎక్కువమంది జారిపడతారు. `'s` వెనక ‘ఈజ్’ ఉండొచ్చు, ‘హాజ్’ ఉండొచ్చు. `'d` వెనక ‘హాడ్’ ఉండొచ్చు, ‘వుడ్’ ఉండొచ్చు. వర్డ్‌లో ఒకేసారి అన్నింటినీ రీప్లేస్ కొట్టేసేవాళ్లకు ‘ఇట్ ఈజ్ బీన్ త్రీ ఇయర్స్’ లాంటి వాక్యాలు తయారవుతాయి. అక్కడ ఉండాల్సింది ‘ఇట్ హాజ్ బీన్’.

పరీక్ష సులువే. తర్వాతి మాట చూడండి. తర్వాత ‘బీన్’, ‘కంప్లీటెడ్’, ‘టేకెన్’ లాంటి పూర్తయిపోయిన క్రియ ఉంటే సాధారణంగా హాజ్ లేదా హాడ్. తర్వాత ‘లైక్’, ‘గో’, ‘వర్క్’ లాంటి మామూలు క్రియ ఉంటే వుడ్. ‘ఐడ్ కంప్లీటెడ్’ అంటే ‘ఐ హాడ్ కంప్లీటెడ్’. ‘ఐడ్ లైక్’ అంటే ‘ఐ వుడ్ లైక్’. ఒక జాగ్రత్త: ‘ఇట్స్ కంప్లీటెడ్’ అని ఉంటే ‘పూర్తయి ఉంది’ అనే అర్థంలో ‘ఈజ్’ కూడా కావచ్చు. అక్కడ వాక్యం మొత్తం చదివి తేల్చండి.

ఇంకో మూడు గుర్తుపెట్టుకోండి. వోంట్ విడిపోతే ‘విల్ నాట్’ అవుతుంది. కాంట్ విడిపోయినా ఒకే మాటగా `cannot` అని రాయాలి, మధ్యలో ఖాళీ వద్దు. `it's` అని రాసిన చోట ‘ఇట్ ఈజ్’ గానీ ‘ఇట్ హాజ్’ గానీ పెట్టి చదివితే అర్థం రాకపోతే అక్కడ ఉండాల్సింది అపాస్ట్రఫీ లేని `its`. కుదింపులు విడదీసే పనిలో ఈ పాత తప్పు కూడా బయటపడుతుంది, అది మీకు లాభమే.

గోనా, వానా, పీఎల్‌ఎస్, వాట్సాప్‌లో రాసే ఒక్క అక్షరం ‘యు’: వీటి గురించి చెప్పాల్సిన పని లేదు. తీసేయండి.

4. బట్, సో కనబడగానే కొట్టేయకండి

“వాక్యాన్ని అండ్, బట్‌లతో మొదలుపెట్టకూడదు” అని మనకు హైస్కూల్లో చెప్పారు. చిన్న పిల్లలు ప్రతి వాక్యాన్నీ ‘అండ్... అండ్... అండ్’ అని కడుతుంటే ఆపడానికి ఆ మాట పనికొస్తుంది. వ్యాకరణంలో మాత్రం అలాంటి నియమం లేదు. 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో ‘బట్’తో మొదలయ్యే వాక్యం ఉంది. ప్రచురణకర్తలు ప్రామాణికంగా తీసుకునే షికాగో మాన్యువల్ ఆఫ్ స్టైల్ కూడా అండ్, బట్, సో లతో వాక్యం మొదలుపెట్టడం తప్పు కాదనే చెబుతుంది.

అందుకని మీ డ్రాఫ్ట్‌లో బట్‌లను ఇలా చూడండి. వెతికే పెట్టెలో `Match case` పెట్టుకుని `But` అని వెతకండి. ఒక పేజీలో ఒకటి రెండు కనిపిస్తే, అవి నిజంగానే ముందు మాటకు ఎదురు మాట చెబుతుంటే ఉంచేయండి. వరసగా మూడు వాక్యాలు బట్‌తోనే మొదలైతే అప్పుడు మార్చండి. తప్పు అని కాదు, చదివేవాళ్లకు మీరు ఊగిసలాడుతున్నట్టు అనిపిస్తుందని.

బట్ తర్వాత వెంటనే కామా పెట్టకండి. ‘బట్, ద రిజల్ట్’ అని చాలామంది రాస్తారు. మాట్లాడేటప్పుడు అక్కడ ఊపిరి తీసుకుంటాం కాబట్టి చేయి అలా పోతుంది. హవెవర్ వాక్యం మొదట్లో ఉంటే కామా కావాలి, బట్‌కు అక్కర్లేదు.

5. సో ఏ పని చేస్తోందో తెలుగులో అడగండి

సో ఒక్కటే మాట, చేసే పనులు నాలుగు. ఏది ఉంచాలో తేల్చడానికి నా దగ్గర ఉన్న చిట్కా, దాని స్థానంలో తెలుగు మాట పెట్టి చూడడం.

అక్కడ ‘అందుకని’ సరిపోతే అది కారణం, ఫలితం కలిపే సో. ముందు కామా పెట్టి వాక్యం మధ్యలో ఉంచండి, ఎస్‌ఓపీలోనూ చక్కగా నడుస్తుంది. ‘ఉండేలా’, ‘వీలుగా’ అన్న అర్థం వస్తే అది ‘సో దట్’. ఎంత ఫార్మల్ రాతలోనైనా ఉండొచ్చు, మామూలుగా కామా అక్కర్లేదు. ‘చాలా’ అన్న అర్థం వస్తే, అంటే ‘సో ఇంట్రెస్టింగ్’, ‘సో మచ్’ లాంటివైతే, తీసేయండి. దాని బదులు ‘వెరీ’ పెట్టినా పెద్ద లాభం లేదు, ఎంత ఇంట్రెస్టింగో తెలిపే ఒక పని చెప్పండి. ఇక నాలుగోది, ‘ఇంతకీ’, ‘సరే మరి’ అన్న అర్థంలో వాక్యం మొదట్లో వచ్చే సో. ఇది ఇంటర్వ్యూలో మొదటి మాట. మన పిల్లలు ‘సో, ఐ యామ్ ఫ్రమ్ వరంగల్’ అని మొదలుపెట్టడం వినే ఉంటారు. కాగితం మీద దీన్ని కొట్టేస్తే వాక్యానికి ఏమీ నష్టం రాదు. నష్టం రాలేదంటే అది అనవసరమైన మాటే కదా.

6. హవెవర్, దేర్‌ఫోర్ పెట్టిన ప్రతి చోటా ఆగి చూడండి

ఈ మెట్టు మీద ఎక్కువ సమయం పెట్టండి. బట్, సో రెండూ రెండు వాక్యాలను కట్టే తాళ్లు. హవెవర్, దేర్‌ఫోర్ తాళ్లు కావు. రెండో వాక్యం లోపల కూర్చునే మాటలు మాత్రమే. అందుకే బట్‌ను లాగేసి అదే చోట హవెవర్ పెడితే రెండు వాక్యాలూ కట్టు లేకుండా కామా మీద వేలాడతాయి.

నమ్మకం కుదరకపోతే మాటను కదిపి చూడండి. ‘ద మోటార్ ఫెయిల్డ్, బట్ ద టెస్ట్ కంటిన్యూడ్’ అన్న వాక్యంలో బట్‌ను ‘ద టెస్ట్’ తర్వాతికి జరపలేరు. హవెవర్‌ను జరపగలరు: ‘ద టెస్ట్, హవెవర్, కంటిన్యూడ్’. వాక్యం లోపల కదిలే మాట రెండు వాక్యాలను కట్టలేదు. దేర్‌ఫోర్, మోర్‌ఓవర్, కాన్సిక్వెంట్లీ, నెవర్‌ద్‌లెస్ అన్నీ ఈ జాతివే.

ఫైల్‌లో వీటిని వెతకండి:

```
, however
, therefore
, moreover
```

దొరికిన ప్రతి చోటా దానికి ముందున్న భాగం, తర్వాతి భాగం విడివిడిగా చదవండి. రెండూ సొంతంగా పూర్తి వాక్యాలైతే కామా చాలదు. ఫుల్‌స్టాప్ పెట్టి కొత్త వాక్యం మొదలుపెట్టండి, లేదా సెమీకోలన్ పెట్టండి. ఆ రెండూ ఇష్టం లేకపోతే మళ్లీ బట్, సో పెట్టేయండి. ఒకవైపు పూర్తి వాక్యం లేకపోతే, ‘ద టెస్ట్, హవెవర్, కంటిన్యూడ్’ లాగా, అది సరిగ్గానే ఉంది, ముట్టుకోకండి.

సెమీకోలన్ అంటే భయం ఉంటే ఫుల్‌స్టాప్‌తోనే పని జరుగుతుంది. ఎస్‌ఓపీ మొత్తంలో ఒక్క సెమీకోలన్ లేకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

7. జంట తాళ్లు విప్పండి

ఇది అచ్చంగా మన తెలుగువాళ్ల తప్పు. మనం ‘ల్యాబ్ చిన్నదైనా కానీ మోడల్ చేశాం’ అంటాం. ‘అయినా’లోనే ఎదురు అర్థం వచ్చేసింది, అయినా ‘కానీ’ కూడా వేస్తాం, తెలుగులో చెవికి ఏమీ అనిపించదు. అదే అలవాటుతో ఇంగ్లిష్‌లో ‘ఆల్‌దో ద ల్యాబ్ వాజ్ స్మాల్, బట్ వి బిల్ట్ ద మోడల్’ అని రాస్తాం. ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలకు ఒక్క తాడే. ఆల్‌దో ఉంటే బట్ తీసేయండి, బట్ కావాలంటే ఆల్‌దో తీసేయండి.

‘బికాజ్... సో’, ‘సిన్స్... సో’ కూడా అంతే. ‘ఎందుకంటే... అందుకని’ అని మనం ముడి వేసి మాట్లాడతాం కదా, అదే అక్కడికి వెళ్తోంది. `Although`, `Though`, `Because`, `Since` లతో మొదలైన ప్రతి వాక్యాన్నీ చివరి దాకా చదివి, మధ్యలో బట్ గానీ సో గానీ ఉందేమో చూడండి.

ఒక పేరా దిద్ది చూద్దాం

ఒక ఇంజనీరింగ్ విద్యార్థి మొదటి డ్రాఫ్ట్‌లో ఇలా రాశాడనుకోండి:

“ఐ డిడ్‌న్ట్ గెట్ గుడ్ మార్క్స్ ఇన్ మై ఫస్ట్ ఇయర్. సో ఐ స్టార్టెడ్ వర్కింగ్ హార్డర్. బట్ ఇట్స్ నాట్ బీన్ ఈజీ. ఆల్‌దో అవర్ ల్యాబ్ వాజ్ స్మాల్, బట్ వి బిల్ట్ ఎ వర్కింగ్ మోడల్.”

‘ఇన్‌ఫార్మల్‌గా ఉంది’ అని ఎవరో అన్నారు. రాత్రి కూర్చుని ఇలా మార్చాడు:

“ఐ డిడ్ నాట్ గెట్ గుడ్ మార్క్స్ ఇన్ మై ఫస్ట్ ఇయర్, దేర్‌ఫోర్ ఐ స్టార్టెడ్ వర్కింగ్ హార్డర్, హవెవర్ ఇట్ ఈజ్ నాట్ బీన్ ఈజీ. ఆల్‌దో అవర్ ల్యాబ్ వాజ్ స్మాల్, హవెవర్ వి బిల్ట్ ఎ వర్కింగ్ మోడల్.”

చూడ్డానికి బరువుగా ఉంది, లోపల తప్పులు పెరిగాయి. దేర్‌ఫోర్ దగ్గర ఒకటి, మొదటి హవెవర్ దగ్గర ఒకటి, రెండు చోట్లా వాక్యాలు కామా మీద వేలాడుతున్నాయి. ‘హాజ్ నాట్ బీన్’ కావాల్సిన చోట ‘ఈజ్ నాట్ బీన్’ వచ్చింది. చివర్లో ఆల్‌దో, హవెవర్ జంటగా వచ్చాయి. మొదటి డ్రాఫ్ట్‌లో నిజమైన వ్యాకరణ తప్పు ఒక్కటే, ఆ ఆల్‌దో–బట్. మిగతావన్నీ స్టైల్ సంగతులే. రెండో డ్రాఫ్ట్‌లో నాలుగు తప్పులు.

నేనైతే ఇలా దిద్దుతాను:

“మై ఫస్ట్-ఇయర్ మార్క్స్ వర్ లో, సో ఐ బిగాన్ టు సాల్వ్ ప్రాబ్లమ్స్ ఎవ్రీ ఈవెనింగ్ విత్ టూ క్లాస్‌మేట్స్. ఇట్ వాజ్ నాట్ ఈజీ. అవర్ ల్యాబ్ వాజ్ స్మాల్. బట్ బై ద థర్డ్ ఇయర్ వి హాడ్ బిల్ట్ ఎ వర్కింగ్ మోడల్ ఆఫ్ ఎ సోలార్ పంప్.”

సో ఉంది, బట్ ఉంది, కుదింపు ఒక్కటీ లేదు. చదివితే మాట్లాడినట్టు లేదు, అలాగని సర్క్యులర్ లాగానూ లేదు. ‘వర్కింగ్ హార్డర్’ తీసేసి సాయంత్రం లెక్కలు చేశామని చెప్పడమే దీన్ని ఫార్మల్ చేసింది, హవెవర్ కాదు.

8. ఫలితం సరిచూసుకోండి

మొదట రెండో మెట్టులోని వెతుకులాట మళ్లీ ఒకసారి చేయండి. దిద్దేటప్పుడు కొత్తగా రాసిన వాక్యాల్లోకి డోంట్‌లు తిరిగి వచ్చేస్తుంటాయి.

తర్వాత ప్రింట్ తీసి, కలిపే మాటలన్నింటి చుట్టూ పెన్నుతో సున్నా చుట్టండి: బట్, సో, హవెవర్, దేర్‌ఫోర్, మోర్‌ఓవర్, ఫర్దర్‌మోర్, అన్నీ. ప్రతి వాక్యం మొదట్లోనూ ఒక సున్నా ఉంటే అతికింపు ఎక్కువైందని అర్థం. ఐఇఎల్‌టిఎస్ రైటింగ్ బ్యాండ్ వివరణలు చూస్తే, ఈ అతికే మాటలు అతిగా వాడడం ఐదో బ్యాండ్ లక్షణాల్లో ఒకటిగా రాసి ఉంటుంది. మొత్తం మోర్‌ఓవర్లతో నింపితే స్కోరు పెరుగుతుందని కోచింగ్‌లో ఎవరైనా చెబితే నమ్మకండి. సగం సున్నాలు కొట్టేసి చదవండి. అర్థం చెడకపోతే అవి లేకుండానే ఉంచేయండి.

చివరగా గట్టిగా చదవండి. ‘డూ నాట్’, ‘కెనాట్’ దగ్గర గొంతు అనవసరంగా గట్టిగా పలుకుతోందా చూడండి. ‘ఐ డూ నాట్ వాంట్’ లాంటివి విడదీస్తే కోపంగా వినిపిస్తాయి. అక్కడ మళ్లీ డోంట్ పెట్టకండి, వాక్యాన్నే తిప్పండి. ‘ఐ డూ నాట్ వాంట్ ఎ డెస్క్ జాబ్’ బదులు ‘ఐ ప్రిఫర్ ఫీల్డ్ వర్క్’ అంటే కుదింపూ లేదు, విసురూ లేదు.

మీ గైడ్ ఒప్పుకోకపోతే

ఇవన్నీ చేశాక కూడా, బట్‌తో మొదలైన వాక్యం కింద మీ ప్రొఫెసర్ ఎర్ర గీత గీయొచ్చు. షికాగో మాన్యువల్ పేరు చెప్పి వాదించొద్దు, సంతకం పెట్టేది ఆయన. ముందు వాక్యానికి ఫుల్‌స్టాప్ అలాగే ఉంచి, `But` తీసి `However,` పెట్టండి. ఆ కామా మర్చిపోవద్దు, అది లేకపోతే హవెవర్‌కు ‘ఎంత అయినా సరే’ అనే వేరే అర్థం వచ్చే ప్రమాదం ఉంది. ఒక్క మాట, ఒక్క కామా మారిస్తే పని అయిపోతుంది.